రెండు వాక్యాల శుభలేఖ

మా పిన్ని కూతురు న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. మా ఇంట్లో పెళ్లి కుదిరి, శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, మొత్తం చదివాను. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, ఫంక్షన్ హాలు అడ్రసు అర్థమయ్యాయి. మిగతాదంతా తెలుగేనా?"

అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది కార్డులో తేదీ, హాలు, భోజనాల టైము చూసుకుని బల్ల మీద పెట్టేస్తారు. పేర్లు తీసేసి ఆ కార్డులోని అసలు ముక్క ఇస్తున్నాను:

"స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ దశమీ శుక్రవారం అనగా తేది 07-02-2025 ఉదయం గం. 11.35 ని.లకు రోహిణీ నక్షత్రయుక్త మేషలగ్న పుష్కరాంశ సుముహూర్తమున మా కనిష్ఠ పుత్రిక చి.ల.సౌ. ఫలానాను చి. ఫలానాకు ఇచ్చి వివాహము జరిపించుటకు దైవజ్ఞులు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములను స్వీకరించి మమ్ము ఆనందింపజేయ ప్రార్థన."

ఉన్నవి రెండే వాక్యాలు. అనగా, మా, ఇచ్చి, కావున, తామెల్లరు, విచ్చేసి, మమ్ము లాంటి కాసిని మాటలే తెలుగువి. వాటితోపాటు విభక్తులు, క్రియల చివర్లు తెలుగువి. కుట్టు మనది, గుడ్డ సంస్కృతానిది. "మరి ఇలా ఎందుకు రాస్తారు? మామూలుగా రాయొచ్చుగా?" అంది మా చెల్లి. ఈ రాత పెళ్లి కార్డుల కోసం పుట్టింది కాదు మరి. అచ్చు యంత్రం రాకముందు నుంచే ఈ మూసలో రాస్తున్నారు, కాకపోతే రాళ్ల మీదా రాగిరేకుల మీదా. మన పాత దానశాసనాలు ఎన్నో 'స్వస్తి' అనో 'స్వస్తి శ్రీ' అనో మొదలవుతాయి. తర్వాత సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం వస్తాయి. ఆ పైన ఎవరు ఎవరికి ఏమిచ్చారో రాసి ఉంటుంది. మన కార్డునీ ఆ వరసలో పెట్టి చూడండి. కాలం ముందు, ఇచ్చేవాళ్లు తర్వాత, పుచ్చుకునేవాళ్లు ఆ తర్వాత. భూమి ఉండాల్సిన చోట కన్య ఉంది. పెళ్లిలో జరిగేది కన్యాదానం కాబట్టి దానపత్రం భాషే ఇక్కడికీ వచ్చి కూర్చుంది. అమ్మాయిని ఇచ్చిపుచ్చుకునే వస్తువులా చెప్పడమేమిటని ఈ కాలం పిల్లలు కొందరు 'ఇచ్చి' అన్న మాట తీసేసి ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేయిస్తున్నారు. నాకు అదే బాగుంది.

స్వస్తి అంటే సు, అస్తి అనే రెండు మాటల కలయిక. మంచిగా ఉండటం, క్షేమం అని అర్థం. కార్డు నెత్తిన ఉండే శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అనే మూడూ ఒకే అచ్చులో పోసినవి. అస్తు అంటే 'ఉండుగాక'. శ్రీః, అస్తు కలిస్తే విసర్గ రేఫగా మారి శ్రీరస్తు అవుతుంది: సిరి ఉండుగాక, శుభం కలుగుగాక, విఘ్నం లేకుండుగాక. సినిమాల్లో దేవుడు ప్రత్యక్షమై అనే 'తథాస్తు'లో ఉన్న అస్తు కూడా ఇదే. మా చెల్లికి తథాస్తు తెలుసు కనుక మిగతా మూడూ చిటికెలో పట్టేసింది.

వాటి కింద చాలా కార్డుల్లో చిన్న అక్షరాల్లో ఒక సంస్కృత శ్లోకం ఉంటుంది. ఎక్కువగా కనపడేది సీతారాముల తలంబ్రాల శ్లోకం. సీతమ్మ దోసిట్లో ఉన్నప్పుడు ముత్యాలు ఆమె అరచేతుల ఎరుపు సోకి కెంపుల్లా ఉన్నాయట. రాముడి తల మీద పడ్డాక తెల్లని మొల్లపూలలా అయ్యాయట. ఒంటి మీదుగా జారుతుంటే ఆయన నల్లని మేనికాంతికి ఇంద్రనీలాల్లా మారాయట. ఆ ముత్యాలు మీకు శుభం కలిగించుగాక అని చివరి మాట. ఒకే ముత్యం మూడు చోట్ల మూడు రంగులు. ఇంత మంచి శ్లోకాన్ని కంటికి ఆనని అక్షరాల్లో వేసి, దాని పక్కన బంగారు రంగు వినాయకుణ్ణి అరచేయంత అచ్చు వేయించడం మన పద్ధతి.

ఇక అసలు విషయం, కాలం. 'క్రోధి నామ సంవత్సర' అన్నది చూసి మా చెల్లి కంగారుపడింది. "కోపం గల సంవత్సరమా? పెళ్లికి ఇది మంచిదేనా?" అరవై సంవత్సరాలకు అరవై పేర్లు ఉన్నాయి. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవకు వస్తాయి. క్రోధి అందులో ముప్ఫై ఎనిమిదోది. 2024 ఏప్రిల్ 9 ఉగాదికి మొదలై 2025 మార్చి 29తో అయిపోయింది, మర్నాటి నుంచి విశ్వావసు. పెళ్లి ముహూర్తానికి ఆ పేరు అర్థంతో పనిలేదు. సోమవారం పుట్టినవాళ్లంతా చంద్రుడిలా ఉండరు కదా.

చాంద్రమానం అంటే చంద్రుణ్ణి బట్టి లెక్కించే కొలత. ఆ కొలతలో నెల అమావాస్య మర్నాడు మొదలవుతుంది. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో దాన్ని బట్టి నెలకు పేరు, మఖ దగ్గర ఉంటే మాఘం. శుద్ధం అంటే చంద్రుడు పెరిగే పక్షం, బహుళం అంటే తరిగే పక్షం. దశమి అంటే పదోది. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. దశమి, ఏకాదశి లాంటివి సంస్కృతం నుంచి ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. మొదటి నాలుగు తిథులు మాత్రం జనం నోట నలిగి పాడ్యమి, విదియ, తదియ, చవితి అయ్యాయి. వాటి సంస్కృత రూపాలు ప్రతిపత్తు, ద్వితీయ, తృతీయ, చతుర్థి. ఎంత ఘనంగా రాయించిన కార్డులోనైనా 'మాఘ శుద్ధ విదియ' అనే ఉంటుంది. తిథుల దగ్గరకొచ్చేసరికి పురోహితుడి భాష కూడా ఇంటి భాషే.

తిథి, నక్షత్రం రెండూ చంద్రుడివే, కానీ చెప్పేవి వేరు. సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడో తిథి చెబుతుంది. పన్నెండు డిగ్రీలకు ఒక తిథి, కాబట్టి చుట్టూ తిరిగేసరికి ముప్ఫై. ఆకాశంలో ఏ చుక్కల గుంపు దగ్గర ఉన్నాడో నక్షత్రం చెబుతుంది. ఇవి మన గడియారంతో కలిసి మారవు. 2025 ఫిబ్రవరి 7న రోహిణి సాయంత్రం ఆరున్నర దాటాక వెళ్లిపోయి మృగశిర వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దశమి పోయి ఏకాదశి వచ్చింది. ఆ ఏకాదశే మర్నాడు జనం చేసుకున్న భీష్మ ఏకాదశి. అందుకే కార్డులో 'రోహిణీ నక్షత్రయుక్త' అని విడిగా చెప్పాల్సి వస్తుంది. యుక్త అంటే కూడిన. శుక్రవారం అన్నంత మాత్రాన రోజంతా రోహిణి ఉండదు, 11.35కు ఉంది.

లగ్నం అనే మాటకు 'అంటుకున్నది' అని అర్థం. ఎక్కడ అంటుకుంది? తూర్పు దిక్కున, నేలా నింగీ కలిసే గీతకు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంటే పన్నెండు రాశులూ ఒకదాని వెనక ఒకటి తూర్పున పైకి వస్తాయి. ఏ క్షణంలో ఏ రాశి ఆ గీతకు అంటుకుని ఉంటే అప్పుడు అది లగ్నం. ఇరవై నాలుగు గంటల్లో పన్నెండూ రావాలి గనుక ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలుంటుంది. ఆ రోజు హైదరాబాదులో ఉదయం పదిన్నరకు కాస్త ముందు నుంచి పన్నెండు దాటే దాకా మేషలగ్నం.

"మరి 11.35 ఎందుకు? పదిన్నరకో పదకొండుకో పెట్టుకోవచ్చుగా?" అంది. ఆ జవాబు పుష్కరాంశలో ఉంది. కార్డులో ఈ మాట చూసి చాలామంది పుష్కరాలు అనుకుంటారు. గోదావరి పుష్కరాలకూ దీనికీ సంబంధం లేదు. ముప్ఫై డిగ్రీల రాశిని తొమ్మిది ముక్కలు చేస్తే ఒక్కోటి ఒక నవాంశ. పన్నెండు రాశులకూ కలిపి నూట ఎనిమిది. వాటిలో రాశికి రెండు చొప్పున ఇరవై నాలుగింటిని జ్యోతిష్యులు శుభమైనవిగా ఎంచి పుష్కరాంశలన్నారు. మేషంలో అవి ఏడోది, తొమ్మిదోది. రెండు గంటలకు కాస్త తక్కువుండే లగ్నంలో తొమ్మిదో వంతు అంటే ఎంత? ఆ రోజు లెక్కకు పన్నెండు నిమిషాలు. హైదరాబాదులో ఏడో నవాంశ 11.32 దగ్గర మొదలై 11.44 దగ్గర అయిపోతుంది. పురోహితుడు 11.35 అని రాసింది అందుకే. ఆలస్యంగా వచ్చే మేనమామ కోసం అయిదు నిమిషాలు ఆగినా ఇంకా పుష్కరాంశలోనే ఉంటారు. పావుగంట ఆగితే దాటిపోయినట్టే.

నిజానికి ముహూర్తం అన్న మాటకు సంస్కృతంలో అంత చిన్న క్షణం అని కాదు. అదొక కొలత. పగలూ రాత్రీ కలిపి ముప్ఫై ముహూర్తాలు, ఒక్కోటి రెండు ఘడియలు, అంటే నలభై ఎనిమిది నిమిషాలు. తెల్లవారుజామున లేచి చదువుకొమ్మని పెద్దవాళ్లు చెప్పే బ్రాహ్మీ ముహూర్తం, మిట్టమధ్యాహ్నం వచ్చే అభిజిత్ ముహూర్తం ఇప్పటికీ ఆ పాత కొలతలోనే ఉన్నాయి. తెలుగులో ముహూర్తం కుంచించుకుపోయి, పని మొదలుపెట్టాల్సిన కచ్చితమైన నిమిషం అయ్యింది. సినిమావాళ్లు క్లాప్ కొట్టేదీ ముహూర్తమే, ఇంటికి శంకుస్థాపన చేసేదీ ముహూర్తమే. ముందు ఆ 'సు' ఎందుకంటే, ప్రతి నలభై ఎనిమిది నిమిషాలూ ఒక ముహూర్తమే కాబట్టి, ఇది మంచిది అని విడదీసి చెప్పడానికి.

ఆ నిమిషానికి జరిగేది ఏమిటన్నది కార్డులో ఎక్కడా ఉండదు. తాళి కట్టడం అని మా చెల్లి అనుకుంది. మనలో ఎక్కువ ఇళ్లలో ముహూర్తానికి జరిగేది జీలకర్ర బెల్లం. వధూవరులు ఒకరి తల మీద ఒకరు దాన్ని పెట్టుకుని, అప్పటిదాకా మధ్యలో ఉన్న తెర తొలగించి, ఒకరినొకరు చూసుకునే క్షణం అది. తాళి, తలంబ్రాలు ఆ తర్వాత. కాబట్టి 11.35 ముహూర్తానికి 11.35కు హాలు గేటు దగ్గర దిగితే అసలైంది చూడలేరు.

ఇప్పుడు విదేశాల్లో ఉన్నవాళ్లకు బాగా పనికొచ్చే సంగతి. తిథి, నక్షత్రం చంద్రుడివి కనుక ఒక క్షణానికి ప్రపంచమంతటా ఒకటే. లగ్నం మాత్రం నువ్వు నిలబడ్డ నేలది. ఇదే పెళ్లి కాకినాడలో ఇదే 11.35కు పెడితే పుష్కరాంశ ఉండదు. గడియారం దేశమంతా ఒకటే గానీ కాకినాడ హైదరాబాదుకు తూర్పున ఉండటంతో అక్కడ ఆకాశం ఓ పావుగంట ముందు నడుస్తుంది. ఆ ఏడో నవాంశ అక్కడ 11.30 లోపే దాటిపోతుంది. కాకినాడలో అదే అంశ కావాలంటే 11.20 దగ్గర పెట్టుకోవాలి. పంచాంగంలోని లగ్నాల పట్టిక ఏ ఊరికి వేశారో చూసి, మన ఊరికి సరిచేసి చెప్పేవాడు మంచి పురోహితుడు. చూడకుండా ఎత్తిరాసేవాళ్లూ ఉన్నారు.

తెలుగు నేల లోపలే ఇంత తేడా ఉంటే సముద్రాలు దాటితే చెప్పేదేముంది. మా చెల్లి స్నేహితురాలి ఇంట్లో, ఇండియాలోని పురోహితుడు పెట్టిచ్చిన టైమునే అమెరికాలో పెళ్లికి వాడుకుందామనుకున్నారట. మన కార్డునే తీసుకుని చూద్దామన్నాను. ఫిబ్రవరి 7 శుక్రవారం ఉదయం 11.35 అన్నదాన్ని న్యూజెర్సీ గడియారంలో ఉదయం 11.35గా తీసుకుంటే, అప్పటికి మనకు రాత్రి పది దాటింది. దశమి పోయి ఏకాదశి, రోహిణి పోయి మృగశిర వచ్చేశాయి. లగ్నం కూడా మేషం కాదు, అక్కడ అప్పుడు తూర్పున ఉన్నది వృషభం. తిథి, నక్షత్రం, లగ్నం మూడూ తప్పే. పోనీ, మనకు 11.35 అయినప్పుడే అక్కడా కట్టిద్దామంటే, అది అక్కడ అర్ధరాత్రి దాటి 1.05. తిథి, నక్షత్రం కుదురుతాయి గానీ తూర్పున తులారాశి ఉంటుంది. అంటే ఏ దారిన వెళ్లినా ఆ వాక్యం ఆ ఊరికి పనికిరాదు. న్యూజెర్సీ పెళ్లికి న్యూజెర్సీ అక్షాంశ రేఖాంశాలతోనే ముహూర్తం కట్టించాలి. జాతకాల మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే మాట. నమ్మి పెట్టుకునేవాళ్లు లెక్క సరిగ్గా పెట్టుకోవాలి కదా.

ఇంకో చిక్కు రాత్రి ముహూర్తాలది. మన సంప్రదాయంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రితో కాదు. అందుకే శుక్రవారం రాత్రి 2.15కు ముహూర్తం అయితే పంచాంగం లెక్కలో అది ఇంకా శుక్రవారమే. ఇంగ్లీషు క్యాలెండరులో అప్పటికే శనివారం వచ్చేసి రెండు గంటలు దాటింది. తెలిసినవాళ్లు కార్డులో 'శుక్రవారం రాత్రి (తెల్లవారితే శనివారం)' అని వేయిస్తారు. ఆ బ్రాకెట్ లేని కార్డు చూసుకుని, 'శనివారం తెల్లవారుజామున కదా' అని శుక్రవారం అర్ధరాత్రికి విమానం దిగేలా టికెట్ కొన్నవాళ్లు బతికిపోతారు. 'శుక్రవారం 2.15' అంటే గురువారం అర్ధరాత్రి దాటాక అని చదువుకున్నవాళ్లు ఒక రోజు ముందే దిగి ఎదురుచూస్తారు. ఇంకా ఘోరం, మధ్యాహ్నం 2.15 అనుకుని భోజనాల వేళకు తాపీగా బయల్దేరినవాళ్లది. వాళ్లకు కనీసం విందు దక్కుతుంది.

కాలం తర్వాత మనుషులు. కనిష్ఠ అంటే అందరికన్నా చిన్న, జ్యేష్ఠ అంటే అందరికన్నా పెద్ద. మధ్యవాళ్లు ద్వితీయ, తృతీయ. చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. చిరంజీవి అంటే చిరకాలం జీవించేవాడు లేదా జీవించేది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల పేరు ముందు పెట్టే దీవెన అది, అందుకే అబ్బాయికీ ఉంటుంది. సౌభాగ్యవతి మాత్రం భర్త ఉన్న స్త్రీకి వాడే మాట. పెళ్లి కాకముందే అమ్మాయి పేరు ముందు ఎలా వచ్చిందంటే, అది వర్ణన కాదు, ముందస్తు దీవెన. అబ్బాయికి ఒక్క దీవెనతో సరిపెట్టి అమ్మాయికి మూడు ఎందుకు పెట్టారో, అందులో మూడోది భర్త ఆయుష్షు గురించి ఎందుకో, మా చెల్లి అడగనే అడిగింది. "సౌభాగ్యం ఇద్దరిదీ అయినప్పుడు మాట ఒక్కరికేనా?" నా దగ్గర సమర్థన లేదు. ఇద్దరికీ 'చి.' అని మాత్రమే వేయించే కార్డులు ఇప్పుడు కనిపిస్తున్నాయి.

వరుడు అంటే ఎంచుకోబడినవాడు. వరం అన్న మాటలోనూ ఆ ఎంచుకోవడమే ఉంది. ఆ లెక్కన ఎంపిక హక్కు అమ్మాయిది. వివాహం అంటే విశేషంగా మోసుకుపోవడం, అంటే వధువును తన ఇంటికి తీసుకువెళ్లడం. కల్యాణం అంటే సంస్కృతంలో శుభం, మేలు. పెళ్లి అని అర్థం మన దక్షిణాదిలో స్థిరపడింది. ఢిల్లీలో 'సమాజ్ కల్యాణ్' అన్న బోర్డు చూస్తే అది సామూహిక వివాహాల ఆఫీసు కాదు, సాంఘిక సంక్షేమ శాఖది. దైవజ్ఞులు అన్న మాటలో దేవుణ్ణి తెలిసినవాళ్లు అనే అర్థం లేదు. దైవం అంటే ఇక్కడ అదృష్టం, విధి. దాన్ని లెక్కగట్టి చెప్పే జ్యోతిష్యులన్నమాట.

రెండో వాక్యం పిలుపు. సకుటుంబంలో స అంటేనే 'తో కూడి', సపరివారంలోనూ అంతే, చివర సమేతం అంటే మళ్లీ 'కూడి'. ఒకే పిలుపు మూడుసార్లు. వ్యాకరణం దృష్టితో చూస్తే దండగే. కానీ మన దగ్గర పిలుపంటే ఒక్కసారి రమ్మనడం కాదు కదా, కార్డిచ్చి, బొట్టు పెట్టి, మళ్లీ ముందురోజు ఫోన్ చేసి రమ్మనడం.

మదర్పిత అన్నదే ఈ కార్డు మొత్తంలో నలిగిపోయిన మాట. మత్, అర్పిత అనే రెండు మాటలు కలిస్తే త్ కాస్తా ద్ అయ్యి మదర్పిత అవుతుంది. అర్థం 'నేను సమర్పించే'. మదం, మదర్ ఏవీ ఇందులో లేవు. అయితే పిలిచేది తల్లీ తండ్రీ ఇద్దరు. 'మా పుత్రిక' అని, 'మమ్ము ఆనందింపజేయ' అని, మధ్యలో 'నేను సమర్పించే' అనడం పొసగదు. బహువచనానికి 'అస్మదర్పిత' అనాలి. కొన్ని పాత కుటుంబాల కార్డుల్లో అలాగే ఉంటుంది. ప్రింటింగ్ ప్రెస్సులో ఉన్న మూసలో మదర్పిత ఉంది కాబట్టి లోకమంతా అదే వేయించుకుంటోంది. ఇక మధర్పిత, మదార్పిత అని అచ్చయిన కార్డులకు లెక్కలేదు.

ఆ సమర్పించే చందనం, తాంబూలం అనే మాటలకు ఒక కథ ఉంది. చందనం ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి వెళ్లిందని భాషావేత్తల్లో కొందరి మాట. తాంబూలం ఆగ్నేయాసియా భాషల కుటుంబం నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. అంటే మన కార్డులో గంభీరంగా కూర్చున్న ఈ రెండు సంస్కృత పదాలూ సంస్కృతానికే చుట్టాలై వచ్చినవి కావచ్చు. 'ఆది' అంటే మొదలైనవి. అసలు అందరూ ఎదురుచూసే భోజనం ఈ 'మొదలైనవి'లో ఉంది.

ఇంత సంస్కృతం చదివాక, పెళ్లి రోజున పీటల దగ్గర వినపడే మాటలు వేరే ఉంటాయని మా చెల్లికి ముందే చెప్పి ఉంచాను. పెళ్లి, తాళి, తెలంగాణలో అయితే పుస్తె, మెట్టెలు, తలంబ్రాలు, అప్పగింతలు, వియ్యంకులు. తలంబ్రాలు అంటే తల మీద పోసే ప్రాలు, ప్రాలంటే బియ్యం. ఇవేవీ కార్డులో కనపడవు. మాట్లాడుకునేది పెళ్లి, అచ్చు వేయించేది వివాహం. తెలంగాణ పల్లెల్లో కార్డు పేరే పెండ్లి పత్రిక. అయితే లగ్నపత్రిక మాత్రం వేరు. పెళ్లి ఖాయమైన రోజున పెద్దల ఎదుట పురోహితుడు చేత్తో రాసి, పసుపు కుంకుమ పెట్టి రెండు కుటుంబాలకూ ఇచ్చేది అది. కార్డులోని మొదటి వాక్యం దాని నుంచి ఎత్తి రాసిందే. అందుకే అనుమానం వస్తే లగ్నపత్రిక చూడాలి, కార్డు కాదు.

తప్పులు దొర్లేది ఆ ఎత్తిరాతలోనే. అందుకని ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇది. ప్రూఫు వచ్చాక రంగులూ, దేవుడి బొమ్మలూ చూసి సరే అనేయకండి. సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, లగ్నం, టైము ఒక్కొక్కటీ లగ్నపత్రికతో పోల్చండి. సుముహూర్తంలో హూకు దీర్ఘం ఉందో లేదో, ముకు అనవసరంగా వచ్చి చేరిందో చూడండి. జ్యేష్ఠ, కనిష్ఠల్లో ఠ వత్తు ఉండాలి. మీరిద్దరూ కలిసి పిలుస్తుంటే అస్మదర్పిత వేయించండి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక అయితే 'తెల్లవారితే ఫలానా వారం' అని వారంతోపాటు ఆ తెల్లవారే ఇంగ్లీషు తేదీ కూడా బ్రాకెట్లో వేయించండి. విమానం టికెట్లు కొనుక్కునే మీ చుట్టాలు చూసేది ఆ ఒక్క అంకెనే.